మెయిల్లో వీసా సంగతి: ఎంత చెప్పాలి, ఎక్కడ చెప్పాలి?

ప్రశ్న: అమెరికాలో ఎఫ్‌-1 వీసా మీద కంప్యూటర్ సైన్స్‌లో ఎంఎస్ చేస్తున్నాను. 2027 మేలో కోర్సు పూర్తవుతుంది. ఉద్యోగాలకు మెయిల్స్ పెడుతున్నాను. స్పాన్సర్‌షిప్ కావాలని ముందే రాస్తే పక్కన పడేస్తారని ఫ్రెండ్స్ అంటున్నారు. రాయకపోతే దాచినట్టవుతుందేమోనని నా భయం. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఒక తేడా చూడండి. కంపెనీ వెబ్‌సైట్‌లో దరఖాస్తు నింపితే అందులో దాదాపు ఎప్పుడూ రెండు ప్రశ్నలుంటాయి. అమెరికాలో పనిచేయడానికి చట్టపరమైన అనుమతి ఉందా అన్నది మొదటిది. ఇప్పుడు గానీ ముందు ముందు గానీ వీసా స్పాన్సర్‌షిప్ అవసరమవుతుందా అన్నది రెండోది. ఉద్యోగంలో చేరే నాటికి ఓపీటీ, అంటే ఎఫ్‌-1 విద్యార్థులు చదివిన రంగంలో పనిచేసేందుకు ఇచ్చే తాత్కాలిక అనుమతి, మీ చేతిలో ఉంటుంది కాబట్టి మొదటిదానికి 'అవును' అనొచ్చు. ఫారం 'ఈ రోజు ఉందా' అని స్పష్టంగా అడిగితే మాత్రం ఆ రోజు ఉన్న పరిస్థితే చెప్పాలి. తర్వాత కంపెనీ స్పాన్సర్ చేసే హెచ్‌-1బీ ఉద్యోగ వీసా కావాలనుకుంటే రెండోదానికి కూడా 'అవును' అనే పెట్టాలి. చాలామంది రెండోచోట 'లేదు' అని పెట్టేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. అబద్ధం చెప్పారని తేలితే ఆఫర్ వెనక్కి తీసుకోవచ్చు, చేరాక తేలితే ఉద్యోగమే పోవచ్చు. ఉద్యోగం పోతే, మొదటి ఏడాది ఓపీటీలో మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదన్న నిబంధన కూడా మీ మీద పడుతుంది.

ఫారంలో ఈ జవాబులు ఇచ్చేశాక, తర్వాత పెట్టే మెయిల్లో వీసా ఊసు అక్కర్లేదు. మీరేమీ దాచడం లేదు, వాళ్లకు ఇప్పటికే తెలుసు. ఫారం లేకుండా నేరుగా మేనేజర్‌కో చిన్న కంపెనీకో రాసే మెయిల్లోనే ఈ సంగతి ఎలా చెప్పాలన్నది ఆలోచించాలి.

అక్కడ 'నాకు స్పాన్సర్‌షిప్ కావాలి' అని మొదలుపెడితే చదివేవాళ్లకు లాయర్లు, ఫీజులు, లాటరీ గుర్తొస్తాయి. అవేవీ మిమ్మల్ని తీసుకున్న రోజున ఉండవు. ఓపీటీ దరఖాస్తు, దాని ఫీజు మీవే. ఆ ఏడాదికి కంపెనీ ఏ పిటిషనూ వేయక్కర్లేదు. చిన్న సంస్థల్లో చాలామందికి ఈ విషయం తెలియదు. అందుకే మీకు ఏం కావాలో కాకుండా ఏ తేదీ దాకా పనిచేయగలరో రాయండి.

మీ ఓపీటీ 2027 జూన్ 15న మొదలైందనుకుందాం. 12 నెలలు, అంటే 2028 జూన్ 14 దాకా. మీది స్టెమ్, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం కోవలోకి వచ్చే డిగ్రీ కాబట్టి ఇంకో 24 నెలల పొడిగింపు అడగొచ్చు, అప్పుడు 2030 జూన్ 14 దాకా వస్తుంది. హెచ్‌-1బీ లాటరీకి రిజిస్ట్రేషన్ ఏటా మార్చిలో జరుగుతుంది కాబట్టి ఈలోపు కంపెనీకి మూడు అవకాశాలు దొరుకుతాయి. ఈ లాటరీ లెక్క మాత్రం మెయిల్లో పెట్టకండి, ఇంటర్వ్యూలో అడిగితే చెప్పండి.

పొడిగింపుకు ఒక షరతుంది. ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ ఈ-వెరిఫైలో కంపెనీ నమోదై ఉండాలి, ఐ-983 అనే శిక్షణ ప్రణాళిక మీద సంతకం చేయాలి. ఈ-వెరిఫై వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు వెతికి చూడొచ్చు. పేరు కనిపించకపోతే మూడేళ్లని రాయకండి, ఏడాదే రాయండి.

మెయిల్లో మీ పని, ప్రాజెక్టుల గురించి చెప్పాక, ముగింపుకు ముందు ఈ అర్థం వచ్చేలా ఇంగ్లిష్‌లో రాయండి: 'ఎఫ్‌-1 ఓపీటీ మీద 2027 జూన్ నుంచి ఫుల్‌టైమ్ పనిచేయగలను. స్టెమ్ పొడిగింపుతో 2030 జూన్ దాకా కొనసాగే అర్హత ఉంది. ఆ తర్వాత కొనసాగాలంటే స్పాన్సర్‌షిప్ అవసరమవుతుంది.' మూడో వాక్యాన్ని తీసేయాలనిపిస్తుంది. ఉంచండి. ముందు తేదీలు చదివినవాళ్లకు అది భవిష్యత్తు సంగతిలా కనిపిస్తుంది, మీ మాట మీద నమ్మకమూ కలుగుతుంది. ఓపీటీ అనుమతి కార్డు ఇంకా చేతికి రాకపోతే 'అనుమతి ఉంది' అనకుండా 'దరఖాస్తు చేశాను' అనో 'చేయబోతున్నాను' అనో ఉన్నదే రాయండి.

ఇలా రాసినా కొందరు కాదంటారు. భవిష్యత్తులో స్పాన్సర్ చేయాల్సి వస్తుందన్న కారణంతో ఓపీటీ విద్యార్థిని తీసుకోకపోవడానికి అక్కడి చట్టం సాధారణంగా అడ్డు చెప్పదు, కాబట్టి వాదనకు దిగినా లాభం లేదు. ప్రకటనలోనే 'ఇప్పుడూ, ముందు ముందూ స్పాన్సర్ చేయం' అని ఉన్నా, రక్షణ శాఖ పనుల్లోలా అమెరికా పౌరసత్వం తప్పనిసరి అని ఉన్నా ఆ మెయిల్ మానేయండి. 'ప్రస్తుతానికి చేయడం లేదు' అని మాత్రమే ఉంటే రాయొచ్చు. ఓపీటీ మీద తీసుకుంటారా అని ఒక్క వాక్యంలో అడగండి.