పక్క తవ్వకంతో గోడకు బీటలు: ఖర్చు ఎవరు భరించాలి?

"పక్కన సెల్లార్ తవ్వాక మా గోడకు ఏటవాలు బీటలు వచ్చాయి. ఇల్లు పాతదని బిల్డరు అంటున్నాడు. ఇన్సూరెన్స్ వస్తుందా?"

మీ పాలసీలో మినహాయింపులు ముందు చదవండి. నేల కుంగడానికి కవరేజీ ఉన్నా, తవ్వకం వల్ల కుంగితే వర్తించదని చాలా పాలసీల్లో ఉంటుంది. అలా ఉంటే బిల్డరునే అడగాలి. పక్క నేలకున్న ఆధారం పోకుండా తవ్వాల్సింది అతనే. నిర్మాణ పనికి అతను తీసుకున్న బీమా, అంటే కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ కాపీ రాతపూర్వకంగా కోరండి. కంపనం, ఆధారం బలహీనపడటం అనే అదనపు క్లాజు అందులో లేకపోతే ఆ బీమా కంపెనీ కూడా తప్పుకోవచ్చు. క్లాజు ఉన్నా, ఇంటి స్థిరత్వానికి ముప్పులేని పైపై బీటలకు సాధారణంగా ఇవ్వరు. అప్పుడు బిల్డరే సొంతంగా కట్టాలి.

"పాత ఇల్లు" వాదనకు జవాబు కొలతల్లో ఉంది. గుంత 4 మీటర్ల లోతు, మీ గోడ 2 మీటర్ల దూరం అనుకుందాం. గుంత అడుగు నుంచి 45 డిగ్రీల గీత పైకి గీస్తే 4 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. లోతు తక్కువ పునాది అయితే ఆ గీత లోపలే, ప్రమాద పరిధిలోనే ఉన్నట్టు. గుంతవైపు మూల దిగితే బీట తరచూ పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటుంది.

ఇప్పుడే ప్లాస్టర్ చేయించకండి, సాక్ష్యం పోతుంది. బీట చివర్లలో పెన్సిల్ గీత, తేదీ పెట్టి వారానికోసారి స్కేలుతో ఫోటో తీయండి. పెరుగుతుంటే స్ట్రక్చరల్ ఇంజనీరు నివేదికతో నోటీసు ఇచ్చి, గుంత గోడలకు దన్ను పెట్టేదాకా తవ్వకం ఆపమనండి.