మీటరు 61 దగ్గరే ఉంది

ప్రశ్న: డీజిల్ జనరేటర్ మాన్యువల్‌లో సర్వీసింగ్ షెడ్యూల్ నన్ను రాయమన్నారు. గంటల లెక్కన రాయాలా, నెలల లెక్కనా?

రెండూ రాసి, పక్కన "ఏది ముందొస్తే అది" అని పెట్టండి. ఆ మాట రాయకపోతే ఏమవుతుందో నేను హుద్‌హుద్ రాత్రి చూశాను.

విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక రొయ్యల కోల్డ్ స్టోరేజీకి 125 కేవీఏ సెట్ ఉండేది. దాని షెడ్యూల్ రాసింది నేనే. వేరే మాన్యువల్‌లోంచి టేబుల్ ఎత్తి పెట్టేశాను. ఫ్యూయల్ ఫిల్టర్, వాటర్ సెపరేటర్, ఆయిల్ అన్నిటికీ ఒకటే మాట: 250 గంటలకోసారి. 2014 అక్టోబర్ 12న కరెంటు పోయింది. సెట్ స్టార్టయింది, కాసేపు బాగానే నడిచింది. తర్వాత రేసింగ్ ఎక్కడం, తగ్గడం, చివరికి ఆగిపోవడం. సెపరేటర్ కింద కాక్ విప్పి సీసాలో పట్టాం. అడుగున గోధుమరంగు నీళ్లు, పైన డీజిల్. ఆపరేటర్ మీద అరిచాను. అతను కోపం తెచ్చుకోలేదు. "మీరు రాసిందే చేశాను సార్. 250కి అన్నారు, మీటరు 61 దగ్గరే ఉంది" అన్నాడు.

పెట్టి రెండేళ్లయిన సెట్ అది. ఆ లెక్కన 250 గంటలు రావాలంటే ఎనిమిదేళ్లు పట్టేది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు ఆ రెండేళ్లూ సముద్రపు తేమగాలి పీలుస్తూనే ఉంది, రాత్రి చల్లబడినప్పుడల్లా గోడలకు చెమట పడుతూనే ఉంది. నీళ్లకి మీటరుతో పనేముంది? ఫిల్టర్ మార్చి, హ్యాండ్ పంపుతో ఎయిర్ తీసి మళ్లీ నడిపేసరికి సగం రాత్రి గడిచింది.

ఇప్పుడు నేను రాసే పద్ధతి వేరు. "సెపరేటర్ డ్రెయిన్: వారానికోసారి, సెట్ ఆపి ఉన్నప్పుడు, సీసాలో శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదలాలి. నడిపిన ప్రతిసారీ ట్యాంకు నింపి ఉంచాలి." ఆయిల్‌కి కంపెనీ 250 గంటలు, ఏడాది అని ఇస్తే రెండూ వేస్తాను. తుఫాను తర్వాత రోజుకు 20 గంటలు నడిస్తే 250 పన్నెండున్నర రోజుల్లోనే వచ్చేస్తాయి, అప్పుడు నెలల కాలమ్ ఒక్కటే ఉన్నా మునిగిపోతాం.

ఇంకొకటి. "క్రమం తప్పకుండా చెక్ చేయాలి" అని రాసేవాళ్లని చూస్తే నాకు మండుతుంది. ఏం చెక్ చేయాలి, ఏం కనిపిస్తే ఏం చేయాలి? నెలవారీ టెస్ట్ కూడా అంతే. లోడ్ లేకుండా పది నిమిషాలు తిప్పి "ఓకే" రాసేస్తారు. అలా తిప్పితే ఇంజిన్ సరిగా వేడెక్కదు, కాలని డీజిల్ సైలెన్సర్‌లో నల్లగా పేరుకుంటుంది. కనీసం 30 శాతం లోడ్‌తో అరగంట అని రాయండి. లోడ్ ఎంత వచ్చిందో రాసే గడి కూడా పెట్టండి, లేకపోతే ఎవరూ ప్యానెల్ వైపు చూడరు.