రక్తహీనత పాఠానికి పట్టిక ఎలా వేయాలి

చిరంజీవి అమ్మలుకు,

పెద్దమ్మ ఆశీస్సులు. మైక్రోసైటిక్ రక్తహీనతల పాఠానికి నువ్వు వేసిన పట్టిక ఫొటో చూశాను. అక్షరాలు గుండ్రంగా, గీతలు తిన్నగా ఉన్నాయి. కానీ నిలువు వరుసలు నాలుగు గీసి, తరగతిలో విన్నదంతా వాటిలోకి ఒంపేశావు. లక్షణాల గడిలో "నీరసం, ఆయాసం, పాలిపోవడం" అని నాలుగు జబ్బులకూ నాలుగుసార్లు రాశావు. పరీక్ష ముందు రాత్రి ఆ గళ్లు చూస్తే ఏ జబ్బు ఏదో తెలియదు, నాలుగూ ఒకటే అనిపిస్తాయి. పాతికేళ్లకు పైగా పెథాలజీ చెప్పాను కాబట్టి, ఈ ఒక్క పాఠాన్నే పట్టుకుని నేనైతే ఎలా వేస్తానో రాస్తున్నాను.

మొదటి సంగతి, అందరికీ ఉన్నది గళ్లలోకి రాకూడదు. పట్టిక మీద ఒక శీర్షిక వాక్యం రాసి, ఉమ్మడి విషయాలన్నీ అక్కడ పెట్టెయ్యి: "ఎంసీవీ 80 కన్నా తక్కువ, కణాలు చిన్నవి, పాలిపోయినవి; నీరసం, ఆయాసం, పాలిపోవడం అందరికీ." అంతే. ఇక గడిలోకి వచ్చే ప్రతి మాటనూ ఒక ప్రశ్న అడుగు: ఇది పక్క జబ్బులో కూడా ఉంటుందా? ఉంటుందంటే కొట్టెయ్యి. ఇలా చేస్తే లక్షణాల గడి మూడు మాటలకు దిగుతుంది. ఆ మూడింటికీ నేనొక క్రమం పెట్టుకునేదాన్ని: ముందు రోగిలో కనిపించేది, తర్వాత స్మియర్‌లో కనిపించేది, చివర తేల్చి చెప్పే పరీక్ష. అన్ని జబ్బులకూ మూడూ దొరకవు. దొరకని చోట ఖాళీ వదిలెయ్యి, నింపాలని బలవంతంగా ఏదో ఒకటి రాయకు.

రెండోది కారణం గడి. ఇక్కడే అందరూ తేలిగ్గా తప్పించుకుంటారు. "క్షయ, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, క్యాన్సర్" అని పేర్లు రాసి ఊరుకుంటారు. పేర్ల జాబితా నుంచి లక్షణాలు పుట్టవు. దీర్ఘకాలిక వ్యాధుల రక్తహీనతనే తీసుకో. తరగతిలో దానికి పావుగంట పట్టి ఉంటుంది. ఇన్‌ఫ్లమేషన్ వల్ల ఐఎల్-6 పెరుగుతుంది, దాంతో కాలేయం హెప్సిడిన్ ఎక్కువగా తయారు చేస్తుంది, ఆ హెప్సిడిన్ వెళ్లి కణాల గోడలోని ఫెర్రోపోర్టిన్‌ను నాశనం చేస్తుంది. ఇనుము కణం నుంచి బయటికి వచ్చే ద్వారం అదొక్కటే. గోదాములో సరుకు నిండుగా ఉండి, తలుపుకు తాళం పడి, బజారులో మాత్రం సరుకు లేని పరిస్థితి. ఈ పావుగంటా బాణం గుర్తులతో ఒక్క వరుసలో పడుతుంది: ఇన్‌ఫ్లమేషన్ → ఐఎల్-6 → హెప్సిడిన్ ↑ → ఇనుము మాక్రోఫేజ్‌లోనే బందీ.

ఈ వరుస సరిగ్గా రాస్తే పక్క రెండు గళ్లూ సగం వాటంతటవే వస్తాయి. ఇనుము లోపలే ఉంది కాబట్టి ఫెర్రిటిన్ తగ్గదు, మామూలుగానో ఎక్కువగానో ఉంటుంది. రక్తంలో తిరగడం లేదు కాబట్టి సీరం ఇనుము తక్కువ. పేగు కణాలకున్న తలుపు కూడా మూతపడింది కాబట్టి ఇనుము మాత్రలు మింగించినా పెద్దగా ఫలితం ఉండదు, అసలు జబ్బుకు చికిత్స చేయాలి. చూశావా, గుర్తుపెట్టుకోవలసింది ఒక్క గడి, మిగతా రెండూ ఊహించగలిగినవి. కారణం నుంచి చికిత్స దాకా దారి కనబడకపోతే కారణం గడి ఇంకా పూర్తి కాలేదని లెక్క.

ఇలా నాలుగు జబ్బులకూ చేస్తే వచ్చే పట్టిక ఇది. నా పద్ధతి ఏమిటో తెలియడానికి మాత్రమే రాస్తున్నాను, దీన్నే ఎత్తి రాసుకోకు.

| జబ్బు | కారణం | విడదీసే లక్షణాలు | చికిత్స |
|---|---|---|---|
| ఇనుము లోపం | రక్తం పోవడం, తిండిలో చాలకపోవడం, గర్భం → నిల్వలు ఖాళీ | చెంచా గోళ్లు, పెన్సిల్ కణాలు, ఫెర్రిటిన్ ↓ టీఐబీసీ ↑ | ఇనుము, రక్తం పోయే చోటు వెతకాలి |
| దీర్ఘకాలిక వ్యాధి | ఐఎల్-6 → హెప్సిడిన్ ↑ → ఇనుము బందీ | ఫెర్రిటిన్ మామూలు లేదా ↑. టీఐబీసీ ↓ | అసలు జబ్బుకు |
| బీటా తలసీమియా ట్రెయిట్ | ఒక బీటా జన్యువులో లోపం → బీటా గొలుసులు తక్కువ | టార్గెట్ కణాలు, కణాల సంఖ్య తగ్గదు, హెచ్‌బీఏ2 3.5% పైన | మందు లేదు. జన్యు సలహా |
| సిడరోబ్లాస్టిక్ | ఏఎల్ఏఎస్2 లోపం, మద్యం, సీసం, ఐసోనియాజిడ్ → హీమ్ తయారీకి ఆటంకం | మజ్జలో రింగ్ సిడరోబ్లాస్టులు, ఫెర్రిటిన్ ↑ | కారణం తీసేయాలి, పిరిడాక్సిన్ |

ఇనుము లోపం గడిలో "రక్తం పోయే చోటు వెతకాలి" అన్నది చికిత్సలో భాగమని గుర్తుంచుకో. వయసులో ఉన్న ఆడవాళ్లలో నెలసరి, పల్లెల్లో చెప్పుల్లేకుండా పొలాల్లో తిరిగేవాళ్లలో కొంకి పురుగు, వయసు మళ్లిన మగవాళ్లలో పేగు క్యాన్సర్. మాత్రలతో హిమోగ్లోబిన్ పెరిగిందని సంతోషించి పంపేస్తే ఆ పెద్దాయన క్యాన్సర్ లోపలే ఉండిపోతుంది. పట్టికలో చికిత్స అంటే మందు పేరు అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. మందుకు సంబంధించి ఒక్క మాట చేర్చుకోవచ్చు: హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక కూడా నిల్వలు నిండడానికి ఇంకో మూడు నెలలు వాడాలి.

తలసీమియా ట్రెయిట్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే వైవాలో దీన్నీ ఇనుము లోపాన్నీ పక్కపక్కన పెట్టి అడగడం ఎగ్జామినర్లకు సరదా. రెండింటిలోనూ కణాలు చిన్నవే. తేడా ఎర్ర కణాల సంఖ్యలో ఉంది. ఇనుము లేనప్పుడు మజ్జ కణాలను చిన్నగానూ చేస్తుంది, తక్కువగానూ చేస్తుంది. ట్రెయిట్‌లో చిన్నగా చేస్తుందే గాని, సంఖ్య తగ్గదు, ఒక్కోసారి మామూలుకన్నా ఎక్కువే ఉంటుంది. అందుకే ఎంసీవీని కణాల సంఖ్యతో భాగించే మెంట్జర్ సూచిక పనికొస్తుంది. ఒకరి ఎంసీవీ 62, కణాలు 5.8 మిలియన్లు అనుకో. 62 ÷ 5.8 = 10.7. ఇంకొకరి ఎంసీవీ 70, కణాలు 3.6 మిలియన్లు, 70 ÷ 3.6 = 19.4. పదమూడుకు లోపల ఉంటే ట్రెయిట్ వైపు, పైన ఉంటే ఇనుము లోపం వైపు అనుమానం. ఇది అనుమానమే సుమా, నిర్ధారణ కాదు. గడిలో "13" అని అంకె ఒక్కటే రాసుకుంటే చాలు, లెక్క ఎందుకు అలా వస్తుందో నీకు తెలుసు కదా.

ట్రెయిట్ చికిత్స గడిలో "మందు లేదు" అన్నది ఖాళీ గడి కాదు. ఇనుము లోపం లేకుండా ఏళ్ల తరబడి ఇనుము మాత్రలు మింగుతున్న ట్రెయిట్ వాళ్లు మన ఊళ్లలో కూడా కనిపిస్తారు. ఇక జన్యు సలహా ఎందుకంటే, భార్యాభర్తలిద్దరికీ ట్రెయిట్ ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు తలసీమియా మేజర్ రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. మేజర్‌ను ఈ వరుసలో ఇరికించకు. దానికి రక్తమార్పిడి, ఇనుమును బయటికి పంపే మందులు, మూలుగ మార్పిడి అని వేరే కథ ఉంది, హీమోలిటిక్ రక్తహీనతల పట్టికలో దానికి చోటివ్వు.

పట్టిక చెప్పలేనివి కొన్ని ఉంటాయి. గీతలు గీయగానే జబ్బులు వేటికవి వేరనే భ్రమ కలుగుతుంది. రోగి మాత్రం రెండు వరుసల్లో ఒకేసారి ఉండవచ్చు. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌కు నొప్పి మాత్రలు మింగి, కడుపులో రక్తం పోతున్న ఆవిడకు దీర్ఘకాలిక వ్యాధి రక్తహీనతా ఉంటుంది, ఇనుము లోపమూ ఉంటుంది. ఇన్‌ఫ్లమేషన్‌లో ఫెర్రిటిన్ దానంతటదే పెరుగుతుంది కాబట్టి ఆమె రిపోర్టులో అది మామూలుగా కనిపించి మోసం చేస్తుంది. అలాగే ట్రెయిట్ ఉన్నవాళ్లకు ఇనుము కూడా తగ్గితే హెచ్‌బీఏ2 కిందికి జారి, ట్రెయిట్ కనబడకుండా పోవచ్చు. ఇలాంటివి గళ్లలో పట్టవు. పట్టిక కింద "కలిసి వస్తే" అని రెండు పంక్తులు వదిలి అక్కడ రాసుకో. దీర్ఘకాలిక వ్యాధిలో కణాలు ఎక్కువసార్లు మామూలు సైజులోనే ఉంటాయన్నది కూడా అక్కడే రాయి, లేకపోతే శీర్షికలోని 80 అంకె నిన్ను తప్పుదారి పట్టిస్తుంది.

ఎప్పుడు వేయాలంటావా? తరగతిలో మాత్రం వద్దు. చెబుతుండగా గళ్లు నింపడం మొదలుపెడితే చెవి మూసుకుపోతుంది. మామూలుగా నోట్సు రాసుకో. ఆ సాయంత్రమే ఖాళీ గళ్లు గీసి, నోట్సు మూసేసి, గుర్తున్నంత మేరకు నీలం ఇంకుతో నింపు. తర్వాత నోట్సూ పాఠ్యపుస్తకమూ తెరిచి, తప్పిపోయినవి ఎర్ర ఇంకుతో చేర్చు. రెండు వారాల తర్వాత చదివేటప్పుడు ఎర్రవి చూసుకుంటే చాలు. పూర్తయిన పట్టికను పైనుంచి కిందికి చదవడం వల్ల పెద్ద ప్రయోజనం లేదు. జబ్బు పేర్ల మీద కాగితం కప్పి, లక్షణాల గడి చూసి పేరు చెప్పు, ఎందుకంటే రోగి పేరుతో రాడు, లక్షణంతో వస్తాడు. పరీక్షలో కేసు ప్రశ్న కూడా అలాగే ఇస్తారు. ఆ తర్వాత కారణం గడి ఒక్కటే తెరిచి ఉంచి, కుడివైపు రెండూ చెప్పి చూడు.

పట్టిక ఒక పుట దాటితే రెండు పట్టికలు చెయ్యి. అక్షరాలు చిన్నవి చేసి ఇరికించకు.

వచ్చే వారం మెగాలోబ్లాస్టిక్ రక్తహీనత పాఠం ఉందన్నావు. బీ12 లోపం, ఫోలేట్ లోపం రెండు వరుసలు వేసి పంపు. స్మియర్ రెండింటిలోనూ ఒకటే, పెద్ద కణాలు, ఎక్కువ తమ్మెలున్న న్యూట్రోఫిల్స్, కాబట్టి అవి శీర్షికలోకి పోతాయి. విడదీసే గడిలో నరాల సంగతి ఒక్కటి చాలు: వెన్నుపాము దెబ్బతినేది బీ12 లోపంలో. చికిత్స గడిలో మాత్రం ఒక హెచ్చరిక ఎర్ర ఇంకుతో ఉండాలి. బీ12 తక్కువైన మనిషికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్లు కనిపిస్తుంది, నరాల దెబ్బ మాత్రం సాగుతూనే ఉంటుంది.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ