పదాలు వచ్చు, వార్డులో మాటలే అందడం లేదు

"మేడం, జర్మన్ భాషలో బీ1 స్థాయి పరీక్ష పాసై నర్సుగా జర్మనీ వచ్చి రెండు నెలలైంది. క్లాసులో టీచర్ చెప్పేదంతా అర్థమయ్యేది. ఇక్కడ డ్యూటీ మారేటప్పుడు తోటి నర్సులు మాట్లాడితే సగం కూడా అందడం లేదు. ఇంకా పదాలు నేర్చుకోవాలా?"

పదాల కొరత కాదమ్మా. వాళ్లు 'హమ్వ నొహ్ నెన్ రోల్‌ష్టూల్ ఫ్రై?' అంటారు. పుస్తకంలో అది 'హాబెన్ వియర్ నొహ్ ఐనెన్ రోల్‌ష్టూల్ ఫ్రై?', అంటే 'వీల్‌చైర్ ఇంకోటి ఖాళీగా ఉందా?' అని. ఇందులో మీకు రాని పదం ఒక్కటీ లేదు.

'హాబెన్' గబగబా పది సార్లు అనండి. 'బ' దగ్గర పెదాలు మూసుకుంటాయి, నడుమ 'ఎ' జారిపోతుంది, మూసిన పెదాలతోనే 'న' పలకబోతే 'మ' అవుతుంది. అలా 'హామ్' వస్తుంది. మనం 'ఏమి చేస్తున్నావు'ను 'ఏంజేస్తున్నవ్' అంటామే, అదే పని. 'గిప్ట్ ఎస్' కూడా ఇలాగే 'గిప్ట్స్' అవుతుంది, 'ఇహ్ హాబె' 'ఇహ్ హాబ్' అవుతుంది. నన్ను అడిగితే అన్నిటికన్నా తికమక పెట్టేది 'ఎట్వాస్', అంటే 'ఏదైనా'. అది 'వాస్'గా మిగులుతుంది. 'గిప్ట్స్ నొహ్ వాస్?' అంటే 'ఇంకేమైనా ఉందా?' అని. మీరేమో 'వాస్' వినగానే 'ఏమిటి' అనుకుని ఆగిపోతారు, ఆలోగా తర్వాతి వాక్యం వెళ్లిపోతుంది.

ఆడియో స్పీడు తగ్గించి వినడం ఇక్కడ పనికిరాదు. పలకని అక్షరం నెమ్మదిగా వేసినా తిరిగి రాదు. జర్మన్ ప్రసార సంస్థ డాయిచె వెల్లె వాళ్ల నెమ్మది వార్తలు బాగుంటాయి కానీ, అక్కడ ప్రతి అక్షరం విడివిడిగా చదువుతారు. మీకు కావాల్సింది మామూలు మనుషుల కబుర్లు. యూట్యూబ్‌లో ఈజీ జర్మన్ వాళ్ల వీధి ఇంటర్వ్యూలు చూడండి.

రోజుకు 20 సెకన్ల ముక్క చాలు. కింద అక్షరాలు కనపడకుండా కాగితం అడ్డం పెట్టి మూడుసార్లు విని, చెవికి ఎలా తగిలితే అలా తెలుగులోనే రాసుకోండి. తర్వాత కాగితం తీసి పోల్చుకోండి. తెలియని పదమైతే వదిలేయండి. తెలిసీ వినపడని పదం కిందే గీత గీయండి. కొన్నిచోట్ల గొంతు 'హమ్వ' అంటుంటే తెర మీద 'హాబెన్ వియర్' అని ఉంటుంది. ఆ రోజు పాఠం అదే. ఆ ముక్కను వాళ్లతో పాటు, వాళ్ల వేగంతోనే పైకి అనండి. నోరు తిరిగిన మాట చెవికి త్వరగా అందుతుంది. మర్నాడు తెర చూడకుండా మళ్లీ వినండి. గీత గీసిన చోట మాట తెలిసిపోతే కొత్త ముక్కకు వెళ్లండి, లేకపోతే ఆ రోజూ అదే వినండి.

బవేరియా లాంటి చోట్ల పెద్దవయసు రోగుల యాస దీనితో లొంగదు, దానికి అక్కడివాళ్లతో మాట్లాడుతూ ఉండాల్సిందే.

మందు మోతాదు మాత్రం ఎప్పుడూ ఊహించకండి. 'ఫ్యున్ఫ్‌ట్సేన్' 15, 'ఫ్యున్ఫ్‌ట్సిగ్' 50. హడావుడిలో రెండూ ఒకేలా వినపడతాయి. 'ఐన్స్, ఫ్యున్ఫ్?' అని అంకెలు విడగొట్టి అడిగి, 'యా' అన్నాకే మందు తీయండి.