అగ్గిపెట్టెంత చోటులో ఏం రాయను?

"మాది పర్లాకిమిడి. నేను టీచర్ని. మా బడి హెడ్‌మిస్ట్రెస్ మా సొంత పిన్నే, ఈ నెలాఖరుకి రిటైరవుతోంది. అందరం సంతకాలు పెట్టే కార్డులో ఒక్కొక్కరికి అగ్గిపెట్టెంత చోటు వచ్చింది. మా అమ్మకీ ఆమెకీ ఇంటి స్థలం గొడవై నాలుగేళ్లుగా రాకపోకల్లేవు. నేనూ 'మేడమ్' అనే పిలుస్తున్నాను. చిన్నప్పుడు పాతపట్నం తెలుగు బడి మాన్పించి ఇక్కడ చేర్చినప్పుడు, వేలు పట్టి నాకు ఒడియా అక్షరాలు దిద్దించింది ఆమే. రెండు లైన్లలో సరిపోయే మంచి కొటేషన్ చెప్పండి."

కొటేషన్ నేను చెప్పనమ్మా. నీ ఇబ్బంది కార్డుతో కాదు, 'మేడమ్' అనే ఆ ఒక్క మాటతో. స్థలం గొడవ అమ్మది. అందులో నీకేం వాటా ఉందని పిన్నిని వదులుకున్నావు? అక్కచెల్లెళ్లు రేపు కలిసిపోతారు, మధ్యలో నువ్వే పరాయిదానివవుతావు.

ముందు ఒక పేజీ నిండా రాసుకో. 'మీ సేవలు మరువలేనివి', 'మీరు లేని లోటు తీరనిది' లాంటివి వస్తాయి, రానీ. తర్వాత ఒక్కో వాక్యం చూసి, ఇది పక్క టీచరు కూడా రాయగలదా అని అడుగు. రాయగలిగితే కొట్టెయ్. చివరికి ఆ అక్షరాల సంగతే మిగులుతుంది. అది ఇలా ఉంటుందనుకో: 'చిన్నప్పుడు మీరు ఎంతో ఓపికగా, ప్రేమగా నా వేలు పట్టి ఒడియా అక్షరాలు దిద్దించారు, మీ రుణం తీర్చుకోలేను.' వేలు పట్టడంలోనే ఓపిక ఉంది, ప్రేమా ఉంది. ఆ రెండూ తీసెయ్. రుణం అనకుండా ఆ అక్షరాలు ఇప్పుడు నీకేం చేస్తున్నాయో చెప్పు. 'మీరు' కూడా తీసెయ్, ఇంట్లో పిలిచినట్టే పిలువు:

'పిన్నీ, నువ్వు వేలు పట్టి దిద్దించిన అక్షరాలే నాకు అన్నం పెడుతున్నాయి. ఆదివారం ఇంటికొస్తున్నా.'

తెలుగులోనే రాయి. మీ ఊళ్లో తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడుమంది, కానీ ఒడియా బడిలో చదివినవాళ్లు చాలామందికి తెలుగు చదవడం రాదు. అంతమంది చేతులు మారే కార్డులో అదే నీకు కాస్త చాటు. క్షమాపణ మాత్రం అక్కడ వద్దు. స్టాఫ్ రూములో ఎవరో ఒకరు చదివి అర్థం చెబుతారు. అది ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన మాట.

అగ్గిపెట్టె చుట్టూ గీత గీసి, ముందు చిత్తుకాగితం మీద రాసి చూడు. మన ఒత్తులు కిందికి దిగుతాయి కాబట్టి నాలుగు వరసలు మించితే ఇరుకైపోతుంది. నున్నటి కార్డయితే జెల్ పెన్ను అలుక్కుపోతుంది, బాల్‌పెన్నే వాడు.

ఇంటికొస్తున్నా అని రాశాక వెళ్లకపోతే మాత్రం ఉన్నది కూడా తెగిపోతుంది. వెళ్లే ఉద్దేశం లేకపోతే ఆ ముక్క రాయకు. వెళ్లేటట్టయితే శనివారమే అమ్మకి చెప్పు. పర్మిషన్ అడక్కు, ఊరికే చెప్పు.