తేదీ రెండుసార్లు వచ్చే రోజు గురించి మేనల్లుడికి

చి. రవికి మామయ్య ఆశీస్సులు.

జనవరిలో యొకొహామా నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్లే ఓడలో నీ మొదటి ప్రయాణమని, దారిలో ఒకే తేదీ రెండుసార్లు వస్తుందంటే ఎందుకో అర్థం కావడం లేదని రాశావు. ఆ అదనపు రోజు ఊరికే వచ్చేది కాదు. నీ గడియారం నుంచి కొద్దికొద్దిగా తీసుకున్న గంటలే అలా తిరిగి వస్తాయి.

భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతుంది కనుక, తూర్పుకు అంత దూరం జరిగినప్పుడల్లా సూర్యుడు మీకు ఒక గంట ముందే నడినెత్తికి వస్తాడు. అందుకని ఓడ గడియారాన్ని ఒక గంట ముందుకు తిప్పుతారు, ఆ రోజు మీకు 23 గంటలే ఉంటాయి. జపాన్ కాలం గ్రీనిచ్ కంటే 9 గంటలు ముందుంటుంది. తేదీ మారే దినరేఖకు ఆధారమైన 180వ రేఖాంశం చేరేసరికి మూడుసార్లు తిప్పి 12 గంటలు ముందుంటారు. దాటగానే ముల్లు కదలకుండా తేదీ మాత్రం ఒకటి వెనక్కి వెళ్లి, గ్రీనిచ్ కంటే 12 గంటలు వెనకబడతారు. అక్కడి నుంచి లాస్ ఏంజెలెస్‌కు మరో నాలుగుసార్లు తిప్పుతారు. మొత్తం 7 గంటలు ముందుకు తిప్పినా, ఆ ఊరి శీతాకాలపు గడియారం జపాన్ కంటే 17 గంటలు వెనక ఉంటుంది. ఆ రెంటినీ కలిపితే వచ్చే 24 గంటలే మీరు రెండోసారి గడిపే తేదీ.

పడమటికి వెళ్తే రోజుకు 25 గంటలు పడుతూ లెక్కలో ఒక రోజు తగ్గుతుంది, అందుకే అటు దాటేవారు ఒక తేదీని వదిలేస్తారు. దినరేఖ అనేదే లేని 1522లో, మగెల్లాన్ దండులో మిగిలిన విక్టోరియా ఓడ పడమటి దారిన భూమిని దాదాపుగా చుట్టి కేప్ వెర్డె దీవులకు చేరినప్పుడు, ఓడ లెక్కలో అది బుధవారం, ఒడ్డున గురువారం. ఆ ఓడలో రోజూ తప్పకుండా దినచర్య రాసుకున్న పిగాఫెట్టాకు తన లెక్క ఎక్కడా తప్పలేదని తెలుసు. నిజంగానే తప్పలేదు.

నువ్వు పొరబడగల చోటు ఒకటుంది. గ్రీనిచ్ తేదీ ఎక్కడా వెనక్కి పోదు, ఆగదు. నేను థర్డ్ ఆఫీసరుగా ఉన్నప్పుడు మార్చి 20 రెండుసార్లు వచ్చింది. ఆ రెండో 20న మధ్యాహ్నం సూర్యుడి ఎత్తును సెక్స్‌టెంట్‌తో కొలిచి, గ్రీనిచ్ తేదీల వారీగా సూర్యుడి స్థానాలిచ్చే నాటికల్ అల్మనాక్‌లో 20వ తేదీ పేజీయే తెరిచాను. గ్రీనిచ్‌లో అప్పటికే 21 మొదలైంది. పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు రోజుల్లో, సూర్యుడు భూమధ్యరేఖకు ఎంత ఉత్తరంగానో దక్షిణంగానో ఉన్నాడో చెప్పే క్రాంతి రోజుకు దాదాపు 24 నిమిషాల కోణం మారుతుంది కనుక, నా అక్షాంశం దాదాపు 24 నాటికల్ మైళ్లు తప్పింది. వేగం, దిశలను బట్టి చార్టు మీద వేసిన స్థానంతో పొసగకపోవడం వల్లనే అది బయటపడింది.

కాబట్టి నీ నోట్‌బుక్‌లో ఆ రెండు రోజులకూ ‘మొదటి’, ‘రెండో’ అని రాసి, ప్రతి కొలత పక్కనా గ్రీనిచ్ తేదీని, గంటను వేసుకో. ఓడలో తేదీ మార్పును కెప్టెన్ దగ్గర్లోని అర్ధరాత్రికి పెట్టవచ్చు, సరిగ్గా రేఖ మీదే జరగాలని లేదు. అందుకే ఏ రాత్రి మార్చబోతున్నారో వాచ్ డ్యూటీకి వెళ్లేముందే అడిగి తెలుసుకో.

మీ మామయ్య