బెల్లం పొడి కొనేవాళ్లు ఏమని వెతుకుతారు?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. మా గానుగ బెల్లం పొడిని ‘ప్రీమియం నేచురల్ స్వీట్నర్’ పేరుతో ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. రెండు కిలోల ప్యాకెట్ డెలివరీతో కలిపి 420 రూపాయలు. ఖర్చులన్నీ పోగా 125 మిగులుతుంది. నెలకు 30 ఆర్డర్ల దాకా వస్తాయి, అవీ ఎక్కువగా వాట్సాప్‌లోనే. కొనేవాళ్లు గూగుల్‌లో వెతికే మాటలు, అంటే కీవర్డ్‌లు, యాభై ఎంచి ఇవ్వడానికి 18,000 రూపాయలు, ఆ తరువాత ప్రకటనలకు నెలకు 6,000 పెట్టమని ఒక ఏజెన్సీ అంటోంది. లక్ష రూపాయల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, గడువు ఇంకా ఎనిమిది నెలలు. అందులోంచి తీసి పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు జిల్లా

జవాబు: డిపాజిట్ కదపకండి. గడువుకు ముందే తీస్తే, డబ్బు ఉంచిన కాలానికి వర్తించే వడ్డీలోంచి కూడా బ్యాంకు సాధారణంగా కొంత జరిమానా కోసుకుంటుంది. అయితే నేను వద్దనడానికి అసలు కారణం అది కాదు. ప్యాకెట్‌కు 125 మిగిలే వ్యాపారంలో 18,000 తిరిగి రావాలంటే 144 ఆర్డర్లు కావాలి. ఇప్పటి మీ లెక్కన దాదాపు ఐదు నెలల లాభమంతా ఆ యాభై మాటల ఖరీదుకే సరిపోతుంది.

నెలకు 6,000 సంగతి కూడా చూడండి. ప్రకటన మీద ఒక్కో క్లిక్‌కు 8 రూపాయలు పడుతుందనుకుందాం. వంద మంది మీ షాపులోకి వస్తే 800 ఖర్చు. వాళ్లలో ముగ్గురు కొంటే మీకు మిగిలేది 375. అంటే 425 చేతి నుంచి పోయినట్టే. నష్టం లేకుండా ఉండాలంటే వందకు ఏడుగురు కొనాలి. కొత్త షాపులో ఏడుగురు కొనడం తేలిక కాదు. వచ్చినవాళ్లు మీ దగ్గర ఉన్న వస్తువు కోసమే వచ్చినప్పుడు మాత్రమే అది సాధ్యం. కాబట్టి ఏ మాట మీద డబ్బు పెడుతున్నారన్నది మీ లాభనష్టాలను నేరుగా తేల్చే లెక్క. దానికి కావలసిన సమాచారం ఏజెన్సీ కన్నా మీ దగ్గరే ఎక్కువగా ఉంది.

మీ ఫోనులోని వాట్సాప్ సంభాషణలు తెరవండి. గత ఏడాదిలో వచ్చిన విచారణలన్నీ చదువుతూ ఒక నోటుపుస్తకంలో మూడు గడులు గీసి రాసుకోండి. మొదటి గడిలో కొనేవారు రాసిన మాట, అక్షరం మార్చకుండా. రెండో గడిలో ఏ ఊరివారు. మూడో గడిలో చివరికి కొన్నారా లేదా. మొదటి గడిలో మాటను సరిదిద్దాలని చేతులు దురదపెడతాయి, సరిదిద్దకండి. ‘bellam podi’ అని రాసినవారూ ‘బెల్లం పౌడర్’ అని రాసినవారూ మీకు ఒకటే కావచ్చు, గూగుల్‌లో మాత్రం వాళ్లు టైపు చేసేది వేర్వేరు మాటలు. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసేవాళ్లు మనలో ఎంతమందో మీకూ తెలుసు. మూడో గడిని అసలు వదలకండి. ఎక్కువ మంది అన్న మాట కన్నా కొన్నవాళ్లు అన్న మాటే విలువైనది.

పాత కొనుగోలుదారుల్లో పది పదిహేను మందికి ఫోన్ చేయడం కూడా మంచిది. ‘మా నేచురల్ స్వీట్నర్ నచ్చిందా’ అని అడిగితే వాళ్లూ మీ మాటే మీకు తిరిగి చెబుతారు. వస్తువు పేరు మీ నోట రానివ్వకుండా, ‘మొన్న మా దగ్గర తీసుకున్నది దేనికి వాడుతున్నారమ్మా? ఇంట్లోవాళ్లకు ఏమని చెప్పారు? అంతకుముందు ఏం వాడేవారు?’ అని అడగండి. ఆ తరువాత వాళ్లను మాట్లాడనివ్వండి. ఇతర కంపెనీల బెల్లం పొడి కింద జనం రాసిన సమీక్షల్లో మూడు నక్షత్రాలవి చదవండి. పూర్తిగా మెచ్చినవాళ్లూ పూర్తిగా తిట్టినవాళ్లూ వివరాలు తక్కువ రాస్తారు, మధ్యలో ఉన్నవాళ్లే ఏం ఆశించారో, ఏం దొరకలేదో చెబుతారు.

ఇలా వెతికితే మీ సరుకుకు ఎలాంటి మాటలు పడతాయో కొన్ని చెబుతాను.

టీ, కాఫీల కోసం బెల్లం పొడి కొనేవాళ్లు ఎక్కువగా అడిగేది ‘పాలు విరగవు కదా?’ అని. బెల్లంలో ఉండే కొద్దిపాటి ఆమ్లత్వం వల్ల, మరుగుతున్న పాలలో వేస్తే ఒక్కోసారి విరుగుతాయి. దించాక కలిపితే ఆ భయం చాలా తగ్గుతుంది. ‘jaggery powder for tea’ అని వెతికేవారికి మీ పేజీలో మొదటి వాక్యంలోనే ఈ జవాబు కనిపించాలి. ‘ప్రీమియం నేచురల్ స్వీట్నర్’ అన్న శీర్షికలో బెల్లం అన్న మాటే లేదు. ‘నేచురల్ స్వీట్నర్’ అని వెతికేవారికి ఆకు నుంచి తీసే స్టీవియా లాంటివి కావలసి ఉండవచ్చు. వాళ్లు మీ ప్రకటన నొక్కి, బెల్లం చూసి వెనక్కి పోతారు, ఆ 8 రూపాయలు పోయేది మీ చేతి నుంచే.

‘మందు లేని బెల్లం’ మన పల్లెల్లో చాలామంది అనే మాట. తెల్లగా కనిపించడానికి కొందరు బెల్లం వండేటప్పుడు హైడ్రోస్ అనే రసాయనం వేస్తారు, దాని గురించే ఆ అనుమానం. మీరు వేయకపోతేనే ఆ మాట వాడండి. పొడి రంగు ముదురుగా ఎందుకు ఉందో కూడా అక్కడే చెప్పండి, లేకపోతే రంగు చూసి సరుకు తిప్పి పంపేవాళ్లు ఉంటారు.

మీకు అటు చెన్నై, ఇటు బెంగళూరు దగ్గర. తమిళులు పొడి బెల్లాన్ని ‘నాట్టు సక్కరై’ అంటారు, ‘nattu sakkarai’ అని టైపు చేస్తారు. అయితే ఇక్కడ జాగ్రత్త అవసరం. పాకం చల్లారుతుండగా రుద్ది పొడిగా చేసినదాన్నే వాళ్లు అలా పిలుస్తారు. మీరు అచ్చులను తరువాత దంచి పొడి చేస్తుంటే ఆ పేరు వాడకండి, తేడా కనిపెట్టేస్తారు. కన్నడంలో బెల్లాన్ని ‘బెల్ల’ అంటారు. బెంగళూరు నుంచి వచ్చిన సందేశాల్లో ఆ మాట ఎంత కనిపిస్తుందో మీ నోటుపుస్తకమే చెబుతుంది.

‘అరిసెల బెల్లం’, ‘పాకానికి బెల్లం’ అనే మాటలు సంక్రాంతి ముందు పెరుగుతాయి. ఆ అడిగేవాళ్లలో చాలామందికి కావలసింది అచ్చు బెల్లం, పొడి కాదు. మీ దగ్గర అచ్చులుంటే డిసెంబర్ నుంచే దానికి వేరే పేజీ పెట్టండి. పండగ వారంలో పెడితే కొరియర్ చేరేసరికి అరిసెలు అయిపోతాయి.

ఇక చూడగానే ఆకర్షించి డబ్బు తినేసే మాటలు కొన్ని ఉన్నాయి. అనకాపల్లిలాగే చిత్తూరుకూ బెల్లం మార్కెట్ ఉంది కదా, ‘చిత్తూరు బెల్లం’ అన్నది మంచి కీవర్డ్ అనిపిస్తుంది. కానీ ఆ మాటతో వెతికేవాళ్లలో ఈరోజు మార్కెట్ ధర కావలసిన రైతులు, వ్యాపారులు ఉంటారు. వాళ్లు రెండు కిలోలు కొనరు. ‘నల్ల బెల్లం’ జోలికి అసలు పోకండి. నాటుసారా తయారీకి వాడతారన్న కారణంతో మన రాష్ట్రంలో దాని అమ్మకాల మీద అధికారులు కన్నేసి ఉంచుతారు. ‘షుగర్ ఉన్నవారికి బెల్లం’ అని వెతికేవాళ్లు ఉంటారు, ఏజెన్సీ జాబితాలో కూడా అది ఉండవచ్చు. బెల్లంలో అధిక భాగం చక్కెరలో ఉన్న సుక్రోజే, అదీ రక్తంలో గ్లూకోజు పెంచుతుంది. ఒక జబ్బుమనిషిని నమ్మించి అమ్మే ఆ మాట ఎంత లాభం తెచ్చినా మీకు వద్దు.

నోటుపుస్తకం నిండాక మాత్రమే, ఒక మాటను నెలకు ఎన్నిసార్లు వెతుకుతారో చూపే గూగుల్ కీవర్డ్ ప్లానర్ తెరవండి. గూగుల్ యాడ్స్ ఖాతా ఉంటే అది ఉచితం. ఆంధ్రప్రదేశ్, చెన్నై, బెంగళూరు అని ప్రాంతాలు విడివిడిగా ఎంచి మీ మాటలు వేసి చూడండి. ప్రకటనలకు ఖర్చు పెట్టని ఖాతాకు అది ఖచ్చితమైన సంఖ్య చూపదు, వంద నుంచి వెయ్యి వరకు అన్నట్టు పెద్ద అంతరంతో చూపుతుంది. ఒక మాటకు ఏమీ చూపకపోయినా, కొన్నవాళ్లు దాన్ని వాడి ఉంటే కొట్టేయకండి. అలాంటి మాటను ప్రకటనలో పెట్టకుండా మీ పేజీ వివరణలో వాడుకోండి, అందుకు ఖర్చు లేదు. గూగుల్ ట్రెండ్స్‌లో సంక్రాంతి పెరుగుదల ఎప్పుడు మొదలవుతుందో చూసుకోవచ్చు. అక్కడి 100 అనేది ఆ కాలంలోని గరిష్ఠ స్థాయికి గుర్తు, వెతికినవారి లెక్క కాదు.

ఆ తరువాత మూడే మాటలతో చిన్న పరీక్ష పెట్టండి. రోజుకు 150 చొప్పున రెండు వారాలకు 2,100 రూపాయలు. ఇది మీ నెలవారీ లాభంలోంచి పెట్టగలిగినదే. ఖాతాలో మాటలను ఇలా కొటేషన్ గుర్తుల మధ్య రాయండి:

```
"bellam podi"
"nattu sakkarai"
"jaggery powder for tea"
```

ఆ గుర్తులు లేకుండా రాస్తే గూగుల్ బెల్లంతో ఏదో ఒక సంబంధం ఉన్న వెతుకులాటలకూ మీ ప్రకటన చూపి డబ్బు తీసుకుంటుంది. గుర్తులు పెట్టినా కొంత పక్కకు పోతుంది. అందుకే రెండు రోజులకోసారి ఖాతాలో Search terms అనే నివేదిక తెరవండి. మీరు ఇచ్చిన మాట కాక, జనం నిజంగా టైపు చేసి మీ ప్రకటన నొక్కిన మాటల్లో చాలావరకు అక్కడ కనిపిస్తాయి. recipe, benefits, rate today, machine, wholesale లాంటివి వస్తే వాటిని Negative keywords జాబితాలో చేర్చండి, ఆ మాటలున్న వెతుకులాటలకు ఇకపై ప్రకటన చూపదు.

ఖర్చు మూడింటికీ సమానంగా పడితే, రెండు వారాల తరువాత ఒక్కో మాటకు దాదాపు 700 అయి ఉంటుంది. ఆరు ఆర్డర్లు వస్తే ఆ మాట తన ఖర్చు తానే మోసినట్టు. మూడు నాలుగు వచ్చినా వెంటనే తీసేయకండి, ఎందుకంటే బెల్లం అయిపోగానే మళ్లీ కొనేది, రెండోసారి వాళ్లు నేరుగా వాట్సాప్‌లో అడిగితే ప్రకటన ఖర్చు ఉండదు. అలా తిరిగి వస్తున్నారో లేదో ఇంకో రెండు నెలలు గమనించాలి. సున్నా, ఒకటి దగ్గర ఆగిన మాటను మాత్రం ఆపేసి, నోటుపుస్తకంలో కొన్నవాళ్లు అన్న తరువాతి మాటను పెట్టి చూడండి. ఒక మాటకు క్లిక్‌లు బాగా వచ్చి ఆర్డర్లు రాకపోతే ముందుగా Search terms చూడండి. అక్కడి మాటలన్నీ సరైనవే అయితే తప్పు కీవర్డ్‌ది కాదు, ధరదో పేజీదో.

ఏదైనా మాట వరుసగా మూడు నెలలు ఖర్చు తిరిగి తెస్తే, దానికి నెలకు 1,500, ఆపైన 2,000 అంటూ లాభంలోంచే పెంచుకోండి. అప్పటికి పని పెరిగి ఏజెన్సీ అవసరమైతే పెట్టుకోండి. అయితే ప్రకటనల ఖాతా మీ పేరున, మీ ఈమెయిల్‌తో ఉండాలి, Search terms నివేదిక మీరే చూడగలగాలి. ఈ రెండింటికీ ఒప్పుకోనివారికి ఒక్క రూపాయి కూడా ముందుగా ఇవ్వకండి.